దళపతిలో రైలుకూత, వేణువు

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం స్మారకోపన్యాస పాఠం
ద పాండ్స్, న్యూ సౌత్ వేల్స్

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ రంగం మీదికి వచ్చే పద్ధతి తెలుగువారికి సుపరిచితం. ఇద్దరు తెర పట్టుకుని నిలబడగా ఆమె జడ మాత్రమే తెర మీదుగా ఇవతలికి వచ్చి పడుతుంది, ఆ వెంటనే ప్రవేశ దరువు మొదలవుతుంది. ప్రవేశ దరువు అంటే పాత్ర తన పేరును, కులశీలాలను, స్వభావాన్ని ప్రకటించుకుంటూ పాడే, లేదా పాత్ర తరఫున సూత్రధారుని బృందం పాడే పాట. తెర తొలగేసరికి ప్రేక్షకుడికి సత్యభామ అతిశయమేమిటో తెలిసే ఉంటుంది కనుక, ఆ తరువాత ఆమె మాట్లాడే ప్రతి మాటా ఆ తెలిసిన స్వభావానికి రుజువుగానే వినిపిస్తుంది. సంభాషణకు ముందే పాత్రను సంగీతంతో పరిచయం చేసే పని, ఆ విధంగా, సినిమా పుట్టక ముందే తెలుగు రంగస్థలం మీద స్థిరపడిన శిల్పం.

సినిమా నేపథ్య సంగీతం ఆ పనినే చేస్తుంది, కాని రెండు విషయాలలో దరువు నుండి విడిపోతుంది. దరువుకు సాహిత్యం ఉంటుంది, నేపథ్య సంగీతంలోని స్వరానికి సాధారణంగా ఉండదు. దరువు పాత్ర ప్రవేశంలో ఒకసారి తన పని ముగించుకుంటుంది, నేపథ్య స్వరం మాత్రం కథ పొడవునా తిరిగి తిరిగి వస్తూ, వచ్చిన ప్రతిసారీ అంతకుముందు తాను వినిపించిన సన్నివేశాల జ్ఞాపకాన్ని వెంట తెస్తుంది. ఒక వ్యక్తికో, వస్తువుకో, సంబంధానికో కట్టుబడి ఇలా పునరావృతమయ్యే చిన్న స్వరపదాన్ని పాశ్చాత్య సంగీత శాస్త్రం లైట్‌మోటిఫ్ అంటుంది. 1876లో బైరాయిట్‌లో తొలిసారి సంపూర్ణంగా ప్రదర్శితమైన వాగ్నర్ నాలుగు భాగాల సంగీత నాటకం రింగ్ గురించిన చర్చలలో ఆ మాట వ్యాప్తిలోకి వచ్చింది. తెలుగు చిత్ర పరిశ్రమలో దానిని థీమ్ అనడం వాడుక. ఈ ఉపన్యాసం కూడా ఆ వాడుకనే అనుసరిస్తుంది.

థీమ్ పనితీరును వివరించడానికి ఇక్కడ ఎంచుకున్న చిత్రం మణిరత్నం దర్శకత్వంలో, ఇళయరాజా సంగీతంతో, 1991 దీపావళికి తమిళంలో విడుదలైన తళపతి. దళపతి అనే పేరుతో తెలుగులోకి అనువాదమైన ఆ చిత్రాన్ని తెలుగు ప్రేక్షకులు రాజశ్రీ రాసిన తెలుగు పాటలతో సహా సొంతం చేసుకున్నారు. అనువాద చిత్రాన్ని ఉదాహరణగా తీసుకోవడం ఉద్దేశపూర్వకమే. అనువాదంలో మాటలన్నీ మారిపోయినా నేపథ్య సంగీతం మారదు. మాటల ప్రమేయం లేకుండా సంగీతం ఒక పాత్ర గురించి ఎంత చెప్పగలదో కొలవడానికి అంతకన్నా అనువైన సందర్భం అరుదుగా దొరుకుతుంది.

కథ మహాభారతంలోని కర్ణుడిది. కర్ణుడు ఇక్కడ సూర్య, ఆ పాత్రలో రజనీకాంత్. దుర్యోధనుడు దేవా, ఆ పాత్రలో మమ్ముట్టి. అర్జునుడి స్థానంలో జిల్లా కలెక్టర్ అర్జున్‌గా అరవింద్ స్వామి, కుంతి స్థానంలో కల్యాణిగా శ్రీవిద్య నటించారు. కుంతి బిడ్డను నదిలో వదిలింది. ఇక్కడ పెళ్లికాని, ఇంకా బాల్యం దాటని కల్యాణి భోగి పండుగనాడు ఒంటరిగా ప్రసవించి, ఆ బిడ్డను గూడ్సు రైలు పెట్టెలో ఉంచుతుంది. రైలు కదిలిన తరువాత మనసు ఆగక దాని వెంట పరుగెత్తుతుంది, అందుకోలేకపోతుంది. పాతవాటిని మంటల్లో వేసే భోగినాడు ఒక బిడ్డ పారవేతకు గురి కావడం, ఆ మరునాడు సూర్యుడి పండుగైన సంక్రాంతి రావడం పురాణ కథకు దర్శకుడు జోడించిన సూక్ష్మమైన అల్లిక. ఈ పూర్వరంగాన్ని సంతోష్ శివన్ నలుపు తెలుపులో చిత్రించాడు. ఇందులో కథను నడిపించే సంభాషణ దాదాపుగా లేదు. ఆ పిల్ల ఎవరితోనూ తన గోడు చెప్పుకోదు, చెప్పుకోవడానికి ఎవరూ లేరు కూడా.

మాటలు లేని ఆ పూర్వరంగంలోనే ప్రేక్షకుడి చెవికి రెండు వేర్వేరు ధ్వనులు అలవాటవుతాయి. ఒకటి రైలుకూత. మరొకటి వేణువు మీద వినిపించే స్వరపదం, అంటే తెలుగులో ఎస్. జానకి గొంతుతో ఆడ జన్మకు ఎన్ని శోకాలో అనే పాటగా ప్రసిద్ధమైన బాణీకి మూలబీజం. ఈ రెండింటికీ ఉన్న తేడా దళపతి సంగీత నిర్మాణానికంతటికీ కీలకం కాబట్టి దానిని కొంత నిదానంగా పరిశీలించవలసి ఉంటుంది.

సినిమాలో వినిపించే ధ్వనులు రెండు విధాలు. పాత్రలు సంచరించే లోకంలో పుట్టి, ఆ పాత్రలకు కూడా వినిపించే ధ్వనిని కథాలోకపు ధ్వని అనవచ్చు. తలుపు చప్పుడు, గుడి గంట, వీధిలో రేడియో పాట, రైలుకూత ఈ కోవకు చెందుతాయి. పాత్రలకు వినిపించకుండా ప్రేక్షకుడికి మాత్రమే వినిపించేది కథేతర ధ్వని, నేపథ్య సంగీతంలో అత్యధిక భాగం ఇదే. సాధారణంగా ఒక పాత్ర థీమ్ ఈ రెండింటిలో ఏదో ఒక వైపు ఉంటుంది. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన జర్మన్ చిత్రం ఎమ్‌లో పిల్లలను చంపే హంతకుడు గ్రీగ్ రచించిన ఒక ప్రసిద్ధ బాణీని ఈల వేస్తుంటాడు, అతని ముఖం సరిగా చూపించక ముందే ప్రేక్షకుడు ఆ ఈలను గుర్తు పెట్టుకుంటాడు. ఆ ఈల కథాలోకపు ధ్వని కనుకనే, బుడగలు అమ్మే అంధుడొకడు దానిని విని హంతకుడిని పట్టివ్వగలుగుతాడు. దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున 1975 నాటి జాస్ ఉంది. జాన్ విలియమ్స్ ఆ సొరచేపకు ఇచ్చిన, పక్కపక్కనే ఉండే రెండు స్వరాల థీమ్ సముద్రంలో ఈదేవారెవరికీ వినిపించదు. అది కేవలం థియేటర్‌లో కూర్చున్నవారి కోసం.

దళపతిలో సూర్య థీమ్ ఈ రెండు లోకాల మధ్యా చీలి ఉంది. సగం రైలుకూత, అది పాత్రలు వింటాయి. సగం వేణువు, అది ప్రేక్షకుడు మాత్రమే వింటాడు. పూర్వరంగంలో ఈ రెండు సగాలూ ఒకే దుఃఖం దగ్గర కలిశాయి కనుక, ఆ తరువాత ఏ ఒక్కటి వినిపించినా రెండవది ప్రేక్షకుడి మనసులో దానంతట అదే పలుకుతుంది. రైలుకూత విన్న కల్యాణికి తన బిడ్డ గుర్తొస్తాడు, వేణువు విన్న ప్రేక్షకుడికి ఆ తల్లి గుర్తొస్తుంది. ఒకే సంఘటనకు కట్టిన ఈ రెండు గుర్తులలో ఒకటి పాత్రల జ్ఞాపకానికి, మరొకటి ప్రేక్షకుల జ్ఞాపకానికి చెందడం ఈ చిత్రంలోని అసలైన ప్రతిభ.

పెరిగి పెద్దవాడైన సూర్య వానలో కొట్లాటతో తెర మీదికి వస్తాడు. అతడు నోరు విప్పక ముందే, బహుశా అతని ముఖం స్పష్టంగా కనిపించక ముందే, ప్రేక్షకుడికి అతని గురించి ఒక పెద్ద విషయం తెలుసు. అతని క్రౌర్యానికి అడుగున ఒక పారవేతకు గురైన పసివాడున్నాడు. ఈ సమాచారం సూర్యకు పూర్తిగా తెలియదు, తనను కన్నతల్లి ఎవరో, ఎందుకు వదిలిందో అతడికి తెలియదు. చుట్టూ ఉన్నవారికి అతడొక రౌడీ మాత్రమే. దెబ్బలు తిన్నవాడి పక్షాన నిలబడవలసిన ప్రేక్షకుడు కొట్టినవాడిని పూర్తిగా ద్వేషించలేకపోవడానికి కారణం ఆ క్షణంలో అతడు చేసిన పనిలో లేదు, అంతకుముందు కొద్ది నిమిషాల పాటు విన్న సంగీతంలో ఉంది. సంభాషణ ద్వారా ఇదే విషయం చెప్పించి ఉంటే, ఎవరో ఒక పాత్ర వచ్చి ఇతడు పాపం అనాథ అని సాక్ష్యం పలకవలసి వచ్చేది, ఆ సాక్ష్యాన్ని నమ్మాలా వద్దా అనే ప్రశ్న కూడా వెంట వచ్చేది. స్వరానికి సాక్షి అవసరం లేదు. అది నేరుగా ప్రేక్షకుడి అనుభవంలోనే నాటుకుంది.

గుడి సన్నివేశం ఈ నిర్మాణానికి పరీక్షా స్థలం. కల్యాణి, సూర్య ఒకే గుడిలో ఉంటారు. ఒకరికొకరు ఏమవుతారో ఇద్దరికీ తెలియదు. దూరంగా రైలు కూస్తుంది. ఆమె ఆగిపోతుంది, లోపల ఏదో తెగినట్లు ఆమె ముఖం మారుతుంది. అతడినీ ఆ కూత కదిలిస్తుంది, ఎందుకంటే రైలుపెట్టెలో దొరికిన బిడ్డనన్న ఒక్క సంగతే అతనికి తన పుట్టుక గురించి తెలిసినది. ఇక్కడ ఇద్దరిలో ఎవరు మాట్లాడినా సన్నివేశం కుప్పకూలుతుంది. మాట్లాడితే గుర్తుపట్టాలి, గుర్తుపడితే కథ అక్కడితో ముగియాలి. అందువల్ల ఆ ఇద్దరి మధ్య జరగవలసిన సంభాషణను రైలుకూత, సంగీతం కలిసి ప్రేక్షకుడితో జరుపుతాయి. థీమ్ అనేది ఒక వ్యక్తి పేరుపలక అని భావించేవారికి ఈ సన్నివేశం మంచి సమాధానం. ఆ స్వరం సూర్యదీ కాదు, కల్యాణిదీ కాదు. అది వారిద్దరి మధ్య ఏర్పడిన ఎడబాటుది. ఇద్దరూ ఒకే చట్రంలోకి వచ్చినప్పుడు దాని బరువు రెట్టింపు కావడానికి కారణం కూడా అదే.

ఇంతటి పని ఎంత కొద్ది వ్యవధిలో జరగవలసి ఉంటుందో అర్థం కావాలంటే అప్పటి రీ-రికార్డింగ్ పద్ధతిని తెలుసుకోవాలి. చిత్రీకరణ, కూర్పు ముగిసిన తరువాత బొమ్మను తెర మీద చూస్తూ దానికి నేపథ్య సంగీతాన్ని రాసి, వాద్యబృందం చేత వాయింపజేసి, ముద్రించే ప్రక్రియను దక్షిణాది పరిశ్రమలో రీ-రికార్డింగ్ అంటారు. ఫిల్ము రోజుల్లో ఈ పని రీలు వెంబడి రీలుగా సాగేది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు కనుక సెకనుకు అడుగున్నర చొప్పున ఫిల్ము నడుస్తుంది, వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు వస్తుంది. ఒక పాత్ర రైలుకూత విని ఆరు సెకన్లు ఆగిపోయిందనుకుంటే సంగీత దర్శకుడికి దొరికేది తొమ్మిది అడుగుల ఫిల్ము, 144 ఫ్రేములు. ఆ తొమ్మిది అడుగులలోనే కూత తోక వినిపించాలి, స్వరపదం మొదలై ముగియాలి, తరువాతి మాటకు చోటు వదలాలి. పల్లవి మొత్తం అక్కడ పట్టదు. పల్లవిలోని మొదటి నాలుగైదు స్వరాలు విన్నా ప్రేక్షకుడు తక్కినది తానే పూరించుకోగలగాలి. అందుకే మంచి థీమ్ చిన్నదిగా ఉంటుంది, గొంతుతో పాడుకోదగిన ఇరుకైన పరిధిలో నడుస్తుంది, ఏ వాద్యం మీద వాయించినా గుర్తుపట్టగల స్పష్టమైన ఆకారంతో ఉంటుంది. దళపతి బాణీకి లాలిపాట నడక ఉండటం ఈ అవసరాలన్నింటినీ ఒకేసారి తీర్చింది. లాలిపాటను మించి కొద్ది స్వరాలలో తల్లిని స్ఫురింపజేయగలిగినది మరొకటి లేదు.

వేణువును ఎంచుకోవడంలోనూ ఆలోచన కనిపిస్తుంది. అనేక వాయులీనాలు కలిసి పలికే స్వరం గుంపు దుఃఖాన్ని వినిపిస్తుంది, ఒంటరి వేణువు ఒక్క మనిషి ఊపిరిని వినిపిస్తుంది. వాయించేవారి శ్వాస ఎక్కడ తెగితే స్వరపదం అక్కడ ఆగవలసిందే. మాట పెగలని చోట శ్వాస మాత్రమే మిగులుతుంది కనుక, మౌనంగా ఉన్న పాత్రకు ఆ వాద్యం సహజంగా అమరుతుంది.

తెలుగు, తమిళ చిత్రాల థీమ్‌లకు హాలీవుడ్ థీమ్‌లకు లేని ఒక అదనపు బలం ఉంది. ఇక్కడ పాటలు చిత్రీకరణకు ముందే తయారవుతాయి, చిత్రం విడుదలకు ముందే క్యాసెట్ల రూపంలో ఇంటింటికీ చేరేవి. నేపథ్య సంగీతం ఆ పాటల బాణీల నుండే అల్లుకోవడం సర్వసాధారణం. దానివల్ల థియేటర్‌లో వేణువు మీద ఒక బాణీ మొదలైన వెంటనే పాట తెలిసిన శ్రోత మనసులో దాని సాహిత్యం కూడా మెదులుతుంది, స్త్రీ జన్మలోని శోకాన్ని గురించిన రాజశ్రీ మాటలు ఎవరూ పాడకుండానే వినిపిస్తాయి. మాటలు లేనట్లు కనిపించే స్వరం ఈ విధంగా తనలో మాటలను దాచుకుని ఉంటుంది. కూచిపూడి దరువుకూ సినిమా థీమ్‌కూ మధ్య ఉన్న దూరం దక్షిణాది చిత్రాలలో మనం అనుకునేంత ఎక్కువ కాదని దీనివల్ల తేలుతుంది. దరువులోని సాహిత్యాన్ని ప్రేక్షకుడి జ్ఞాపకానికి అప్పగించి, బాణీని మాత్రం తెర మీద ఉంచుకున్నట్లు ఇక్కడి సంగీత దర్శకులు వ్యవహరించారు.

అనువాదం విషయానికి వస్తే, డబ్బింగ్ చేసేటప్పుడు సంభాషణల ధ్వనిపథాన్ని మాత్రమే తొలగించి కొత్త భాషలో నింపుతారు. సంగీతం, ఇతర ధ్వనులు కలిసి ఉన్న ధ్వనిపథం మూలంలో ఉన్నట్లే కొత్త చిత్రంలోకి వస్తుంది. పెదవుల కదలికకు సరిపోయేలా రాయవలసి రావడం వల్ల అనువాద సంభాషణ ఎంత నేర్పుతో రాసినా కొంత వంగుతుంది, నటుడి సొంత గొంతు పోయి మరొకరి గొంతు వస్తుంది. సూర్య గురించి తమిళ ప్రేక్షకుడికి అందిన వాటిలో తెలుగు ప్రేక్షకుడికి యథాతథంగా అందినవి బొమ్మ, రైలుకూత, వేణువు మాత్రమే. అయినా తెలుగువారు ఆ పాత్ర కోసం కన్నీరు పెట్టుకున్నారంటే పాత్ర నిర్మాణంలో ఎంత భాగం ఆ ధ్వనిపథంలో ఉన్నదో తెలుస్తుంది. బాలసుబ్రహ్మణ్యం స్మృతిలో ఈ విషయం చెప్పుకోవడం సముచితం. వేల పాటలు పాడిన ఆయన, తెలుగులోకి వచ్చిన కమల్ హాసన్ చిత్రాలకు గాత్రదానం చేసి, అరువు గొంతును పాత్రకు సొంత గొంతుగా మార్చే విద్యలో తెలుగువారికి ఒక ప్రమాణాన్ని నెలకొల్పాడు. అటువంటి గాత్రదాత కూడా తన మాటను, ముందే ముద్రితమై ఉన్న సంగీతపు నడకకు ఒదిగించుకోవలసిందే.

థీమ్ విఫలమయ్యే తీరు కూడా గమనించదగినది. జాస్‌లో ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన సొరచేప రెక్కను తగిలించుకుని ఈతగాళ్లను భయపెట్టే సన్నివేశంలో విలియమ్స్ సొరచేప థీమ్ వినిపించదు. అక్కడ సొరచేప లేదు కనుక థీమ్ లేదు. శ్రద్ధగా విన్న ప్రేక్షకుడికి ఆ రెక్క బూటకమని సంగీతం ముందే చెప్పింది. థీమ్ అబద్ధమాడకూడదన్న ఈ నియమం ఎంత ముఖ్యమో, అవసరం లేనప్పుడు మౌనంగా ఉండాలన్నది కూడా అంతే ముఖ్యం. ఇటీవలి తెలుగు చిత్రాలలో కథానాయకుడు నడిచినా, తిరిగినా, కళ్లజోడు తీసినా ఒకే ఘోషతో వచ్చే సంగీతాన్ని ఎలివేషన్ అంటున్నారు. అది ప్రతిసారీ ఒకే మాట చెబుతుంది, అతడు గొప్పవాడని. మొదటిసారి వినిపించినప్పుడు చెప్పినదానికి పదోసారి వినిపించినప్పుడు ఏమీ చేర్చదు కనుక అది థీమ్ స్థాయి నుండి ప్రకటన స్థాయికి దిగిపోతుంది. దళపతిలో స్వరపదం తిరిగి వచ్చేకొద్దీ సూర్య ఎవరి బిడ్డో తెలిసినవారి సంఖ్య మారుతుంది. మొదట ప్రేక్షకుడికి మాత్రమే తెలుసు. తరువాత కల్యాణి భర్తకు తెలుస్తుంది, అతని ద్వారా సూర్యకు తెలుస్తుంది, చివరికి కల్యాణికి తెలుస్తుంది. సూర్యకు తెలిసి తల్లికి తెలియని దశలో అదే బాణీ ఓర్పుగా వినిపిస్తుంది, తల్లీకొడుకులు కలిసినప్పుడు అదే బాణీ ఊరటగా వినిపిస్తుంది. స్వరాలు అవే, వాటి చుట్టూ ఉన్న ఎరుక మారింది.

ఈ తేడాను ఎవరైనా ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. చిత్రంలో ఒకే థీమ్ వినిపించే మూడు చోట్లను గుర్తించి, బొమ్మను చూడకుండా ఆ ధ్వనిని మాత్రమే వరుసగా వినాలి. వాద్యం, వేగం, స్థాయి, ముగింపు మూడు చోట్లా ఎలా ఉన్నాయో గమనించాలి. తరువాత ధ్వనిని పూర్తిగా తగ్గించి అవే సన్నివేశాలను బొమ్మగా మాత్రమే చూడాలి. ధ్వని లేనప్పుడు పాత్ర గురించి ఏ సమాచారం జారిపోయిందో ఒక వాక్యంలో రాయగలిగితే, ఆ వాక్యమే థీమ్ చెప్పిన విషయం. ఏమీ జారిపోకపోతే ఆ సంగీతం అలంకారం మాత్రమే. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. పాట ముందే తెలిసిన శ్రోతకు, తెలియని శ్రోతకు ఫలితం వేరుగా వస్తుంది, ఎందుకంటే మొదటివాడు దాగి ఉన్న సాహిత్యాన్ని కూడా వింటున్నాడు.

సిడ్నీ నగరానికి వాయవ్యాన, బ్లాక్‌టౌన్ పురపాలక పరిధిలో, సెకండ్ పాండ్స్ వాగు పేరుతో వెలసిన ద పాండ్స్ వంటి శివారులో ఈ పరిమితి ప్రతి తెలుగు ఇంటి సమస్య. తాతయ్య అమ్మమ్మలకు క్యాసెట్టు రోజుల సాహిత్యం కంఠతా వచ్చు, తల్లిదండ్రులకు సంభాషణ పూర్తిగా అర్థమవుతుంది, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలలో చాలామంది ఇంగ్లీషు సబ్‌టైటిళ్ల మీద ఆధారపడతారు. సబ్‌టైటిళ్లు మాటలను మాత్రమే అనువదిస్తాయి. ఆడ జన్మకు పాట బాణీ వేణువు మీద వచ్చినప్పుడు అడుగున రాయడానికి ఏమీ ఉండదు, లేదా సంగీతం అనే ఒక్క మాట ఉంటుంది. పిల్లల కళ్లు ఆ అడుగు గీతను చదవడంలో మునిగి ఉన్నప్పుడు, చదవడానికి ఏమీ లేని ఆ ఆరు సెకన్లలోనే సూర్య పాత్ర గురించిన అసలు సంగతి దాటిపోతుంది.

కాబట్టి ఈ ఊరి తెలుగు కుటుంబాలకు ఒక విన్నపం. దళపతిని పిల్లలతో చూసే ముందు, చిత్రం పెట్టక మునుపే, ఆ పాటను ఒకసారి వినిపించి దాని సాహిత్యానికి అర్థం చెప్పండి. పూర్వరంగం నడుస్తున్నంతసేపూ సబ్‌టైటిళ్లను ఆపివేయండి.